యచ్ఛబ్దం తెలుగువారిని ఎక్కడ తడబెడుతుంది? యః, యా, యత్‌ల లింగ విభక్తుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రామశబ్దం అప్పజెప్పగలిగినవారికి సర్వశబ్దం రావడానికి రెండు రోజులు చాలు, సర్వశబ్దం వచ్చినవారికి యచ్ఛబ్దం ఒక లెక్క కాదు. అయినా ఇంటర్మీడియట్‌లో సంస్కృతం ద్వితీయ భాషగా చదివిన విద్యార్థిని "నేను పండు కోసిన కత్తి" అన్న మాటను సంస్కృతంలో చెప్పమంటే, ఏడు విభక్తులూ కంఠస్థంగా ఉండి కూడా ఒక్క క్షణం ఆగిపోతాడు. శబ్దం రాక కాదు, ఏ రూపం ఎంచుకోవాలో తోచక. సంస్కృతం చెబుతున్న ఇన్నేళ్ళలో ప్రతి కొత్త తరగతిలోనూ ఇవే సందేహాలు ఎదురవుతూ ఉండడంతో, విద్యార్థులు అడిగిన మాటల్లోనే వాటిని ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## వాక్యం కట్టడానికి ముందు

తెలుగులో "వచ్చిన అబ్బాయి" అంటే సరిపోతుంది కదా, సంస్కృతంలో యః అని ఒకటి, సః అని ఇంకొకటి ఎందుకు?

తెలుగు క్రియనే విశేషణంగా మార్చి నామవాచకం ముందు పెడుతుంది. సంస్కృతం అదే విషయాన్ని రెండు వాక్యాలుగా విడదీసి, మొదటిదానిలో యచ్ఛబ్దాన్నీ రెండవదానిలో తచ్ఛబ్దాన్నీ ఉంచి, రెండింటినీ జత చేస్తుంది. యః బాలకః ఆగతః, సః మమ అనుజః. ఈ జతను పండితులు "యత్తదోర్నిత్యసంబంధః" అంటారు. ఇది మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. "ఎవరు ముందు వస్తారో వారికే చోటు" అన్నప్పుడు తెలుగు కూడా ఈ పద్ధతినే అనుసరిస్తుంది.

పలక పట్టిన రోజున పిల్లల చేత చెప్పించే సరస్వతీ శ్లోకంలో ఈ జత చక్కగా కనిపిస్తుంది. "యా కుందేందుతుషారహారధవళా" అని మొదలై మూడు పాదాలలో ఐదు సార్లు "యా" వస్తుంది. ఆ ఐదింటికీ బదులుగా నాలుగవ పాదంలో ఒక్క "సా" వస్తుంది: "సా మాం పాతు సరస్వతీ". ఆ "సా" వినిపించేదాకా వాక్యం పూర్తికాదు.

యచ్ఛబ్దానికి లింగం దేన్ని బట్టి, విభక్తి దేన్ని బట్టి వస్తుంది?

లింగమూ వచనమూ అది సూచించే నామవాచకాన్ని బట్టి వస్తాయి. విభక్తి మాత్రం యచ్ఛబ్దం ఉన్న చిన్న వాక్యంలో అది చేసే పనిని బట్టి వస్తుంది. అవతలి వాక్యంలో తచ్ఛబ్దం ఏ విభక్తిలో ఉందన్నదానితో యచ్ఛబ్దానికి సంబంధం లేదు. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. "తస్మై" అని చూడగానే, తెలియకుండానే ఇవతల కూడా "యస్మై" అని రాసేస్తాము.

భగవద్గీత 12వ అధ్యాయం 15వ శ్లోకంలోని మొదటి సగం చూడండి: "యస్మాన్నోద్విజతే లోకో లోకాన్నోద్విజతే చ యః". ఎవని వల్ల లోకం కలత చెందదో, ఎవడు లోకం వల్ల కలత చెందడో అని అర్థం. చెబుతున్నది ఒక్క మనిషి గురించే కాబట్టి పుంలింగమూ ఏకవచనమూ రెండు చోట్లా మారలేదు. మొదటి వాక్యంలో అతడు కలతకు కారణం కాబట్టి పంచమి "యస్మాత్" వచ్చింది. రెండవ వాక్యంలో కలత చెందవలసిన కర్త అతడే కాబట్టి ప్రథమ "యః" వచ్చింది.

"నేను పండు కోసిన కత్తి" అన్నప్పుడు ఏ విభక్తి వాడాలో ఎలా తెలుస్తుంది? తెలుగులో విభక్తే కనిపించడం లేదు కదా?

నిజమే, కనిపించదు. "కోసిన" అన్న రూపం ఆ విభక్తిని మింగేసింది. తెలుగువారి ఇబ్బందికి మూలం ఇదే. "నేను చూసిన మనిషి", "నన్ను చూసిన మనిషి", "నేను పుస్తకం ఇచ్చిన మనిషి", "నేను పుట్టిన ఊరు" అన్న నాలుగింటిలోనూ నామవాచకం క్రియ తరువాత ఒకే తీరుగా నిలబడి ఉంటుంది. సంస్కృతంలో మాత్రం అవి వరుసగా యమ్, యః, యస్మై, యస్మిన్ అవుతాయి.

కాబట్టి మింగేసినదాన్ని కక్కించాలి. ఆ చివరి నామవాచకాన్ని వెనక్కు తీసుకుపోయి మామూలు వాక్యంగా చెప్పండి: "నేను కత్తితో పండు కోశాను." ఇప్పుడు "తో" బయటపడింది, అది తృతీయ. కత్తికి సంస్కృతంలో ఛురికా అన్న పదం తీసుకుంటే అది స్త్రీలింగం, ఏకవచనం. యచ్ఛబ్దానికి స్త్రీలింగ తృతీయైకవచనం "యయా". కనుక, యయా ఛురికయా అహం ఫలమ్ అకృంతం, సా తీక్ష్ణా అస్తి. అవతలి వాక్యంలో కత్తి కర్త కాబట్టి "సా" అని ప్రథమ వచ్చింది. ఆ ప్రథమను చూసి ఇవతల "యా" అని రాయకూడదు.

ఈ పద్ధతి పనిచేయని చోట తెలుగే దారి చూపిస్తుంది. "నేను వచ్చిన స్నేహితుడు" అని తెలుగులో అనలేము, "నేను ఎవరితో వచ్చానో ఆ స్నేహితుడు" అంటాము. అక్కడ "తో" దానంతట అదే బయటకు వస్తుంది.

## లింగం, వచనం

గ్రంథం, దేశం, గ్రామం, ఇవన్నీ "యత్" కదా? మనుషులు కారు కదా?

కావు. ఈ మూడూ సంస్కృతంలో పుంలింగాలు: యః గ్రంథః, యః దేశః, యః గ్రామః. తెలుగు వ్యాకరణంలో మనుషులు కాని వాటినన్నిటినీ ఒక గాటన కట్టేస్తాము. అంతకంటే పెద్ద చిక్కు మన "ము" ప్రత్యయంతో వస్తుంది. సంస్కృతంలోని వృక్షః అన్న పుంలింగమూ, ఫలమ్ అన్న నపుంసకలింగమూ తెలుగులోకి వచ్చేసరికి వృక్షము, ఫలము అని ఒకే వేషం వేసుకుంటాయి. తత్సమపదం మనకు ముందే తెలిసి ఉండడం వేరేచోట్ల మేలు చేస్తుంది గాని, లింగం విషయంలో కీడే చేస్తుంది.

జంటలుగా గుర్తుపెట్టుకుంటే తేలిక. గ్రంథః పుంలింగం, పుస్తకమ్ నపుంసకం. గ్రామః పుంలింగం, నగరమ్ నపుంసకం. వృక్షః పుంలింగం, ఫలమ్ నపుంసకం. ఆలయః పుంలింగం కాబట్టి విద్యాలయః, దేవాలయః, గ్రంథాలయః అన్నీ పుంలింగాలే, గృహమ్ మాత్రం నపుంసకం.

ఈ తప్పు చాలాకాలం బయటపడకుండా ఉండడానికి ఒక కారణం ఉంది. తృతీయ నుంచి సప్తమి దాకా యచ్ఛబ్దానికి పుంలింగ నపుంసకలింగ రూపాలు ఒకటే: యేన, యస్మై, యస్మాత్, యస్య, యస్మిన్. గ్రామాన్ని నపుంసకమనుకున్నవారు కూడా "యస్మిన్ గ్రామే" అని సరిగ్గానే రాస్తారు. ప్రథమా ద్వితీయలలోనే గుట్టు బయటపడుతుంది. అందుచేత పదం లింగం తెలుసో లేదో పరీక్షించుకోవాలంటే దానిని "యః" తోనో "యత్" తోనో ప్రథమలో చెప్పి చూసుకోవాలి.

స్నేహితుడు మగవాడైనా "యత్ మిత్రమ్" అనాలా?

అనాలి. సంస్కృతంలో లింగం శబ్దానిది, మనిషిది కాదు. స్నేహితుడు అన్న అర్థంలో మిత్ర శబ్దం నపుంసకలింగం, కాబట్టి యత్ మిత్రమ్ ఆగతం, తస్య నామ కృష్ణః. అదే మనిషిని సఖా అంటే యః సఖా ఆగతః అవుతుంది. దేవతా శబ్దం స్త్రీలింగం కనుక అది శివుడిని సూచించినా యా దేవతా అనే అంటారు. తెలుగులో "ఆ వ్యక్తి వచ్చాడు" అంటాము గాని, సంస్కృతంలో వ్యక్తిః స్త్రీలింగం: యా వ్యక్తిః ఆగతా. భార్య అన్న అర్థంలో మూడు పదాలు మూడు లింగాలలో ఉన్నాయి: భార్యా స్త్రీలింగం, కలత్రమ్ నపుంసకం, దారాః పుంలింగం. పైగా దారాః ఎప్పుడూ బహువచనమే కాబట్టి ఒక్క భార్యను గురించి చెప్పినా "యే దారాః" అనవలసిందే. ఇది విని తరగతిలో నవ్వనివారిని నేను ఇంతవరకు చూడలేదు.

"పండితుడైన కొడుకు గల తల్లి" అనడానికి యస్య పుత్రః అనాలా, యస్యాః పుత్రః అనాలా?

యస్యాః పుత్రః పండితః, సా మాతా. యచ్ఛబ్దం తల్లిని సూచిస్తోంది, కొడుకును కాదు. కాబట్టి పక్కనే పుంలింగ పదం ఉన్నా దాని లింగం దీనికి అంటదు. తండ్రి అయితే యస్య పుత్రః, యస్య పుత్రీ, యస్య గృహమ్ అని మూడు చోట్లా "యస్య" మారకుండా నిలుస్తుంది. హిందీ బాగా వచ్చినవారు ఇక్కడ ఎక్కువగా తడబడతారు. అక్కడ జిస్‌కా, జిస్‌కీ అని కలిగిన వస్తువును బట్టి రూపం మారుతుంది, సంస్కృతంలో కలిగినవారిని బట్టి మారుతుంది.

"యే" అంటే మగవాళ్ళు చాలామంది అనే కదా?

ఎప్పుడూ కాదు. యే బాలకాః అన్నచోట అది పుంలింగ బహువచనం. యే బాలికే అన్నచోట స్త్రీలింగ ద్వివచనం, అంటే ఇద్దరు బాలికలు. యే ఫలే అన్నచోట నపుంసక ద్వివచనం. పక్కన ఉన్న నామవాచకమో క్రియావచనమో చూడకుండా "యే" అర్థం తేల్చకూడదు. స్త్రీలింగ బహువచనం "యాః", నపుంసక బహువచనం "యాని".

స్త్రీ పురుషులు ఇద్దరినీ కలిపి చెప్పాలంటే?

పుంలింగమే. యౌ సీతారామౌ వనం గతౌ, తౌ నమామి.

యచ్ఛబ్దం ఒక లింగంలో, తచ్ఛబ్దం ఇంకో లింగంలో ఉన్న వాక్యం చదివాను. అది తప్పా?

తప్పు కాకపోవచ్చు. కాళిదాసు రఘువంశం ఐదవ సర్గలో "శైత్యం హి యత్ సా ప్రకృతిర్జలస్య" అన్నాడు. చల్లదనం అన్నది ఏదైతే ఉందో అది నీటి స్వభావం అని భావం. శైత్యం నపుంసకం కాబట్టి "యత్", ప్రకృతిః స్త్రీలింగం కాబట్టి "సా". ఒక వస్తువును మరొకటిగా చెప్పేటప్పుడు, అంటే "ఇది అది" అన్న తీరు వాక్యాలలో, సర్వనామం ఉద్దేశ్యం లింగాన్నైనా తీసుకోవచ్చు, విధేయం లింగాన్నైనా తీసుకోవచ్చు. ఈ వెసులుబాటు అటువంటి వాక్యాలకే పరిమితం. "యత్ పుస్తకం మయా క్రీతం, సా ఉత్తమా" అని ఎవరైనా రాస్తే అది కాళిదాసు ప్రయోగం కాదు, పొరపాటు.

## విభక్తి ఎంపిక

"పుస్తకం చదివినవాడు" అని యః పుస్తకం పఠితమ్ అని రాస్తే ఎందుకు తప్పన్నారు?

పఠితమ్ అన్నది క్త ప్రత్యయాంతం. ఇక్కడ అది కర్మను చెబుతుంది, కర్తను కాదు. "పుస్తకం చదవబడింది" అన్నట్టు వాక్యం నడుస్తుంది కనుక చదివినవాడు తృతీయలోకి వెళ్ళాలి: యేన పుస్తకం పఠితం, సః ఉత్తరం వదతు. ప్రథమలోనే ఉంచాలనుకుంటే క్రియను క్తవతు ప్రత్యయంతో మార్చాలి: యః పుస్తకం పఠితవాన్. అమ్మాయి అయితే యయా పుస్తకం పఠితమ్, లేదా యా పుస్తకం పఠితవతీ.

తెలుగులో కర్మణి ప్రయోగం పుస్తకాలలో తప్ప నోట వినిపించదు. అందువల్ల "చదివినవాడు" అనగానే మన మనసులో కర్తకు ప్రథమే మెదులుతుంది. గతః, ఆగతః వంటి గత్యర్థక ధాతువులలో క్త ప్రత్యయం కర్తను కూడా చెబుతుంది కాబట్టి యః ఆగతః అన్నది సరైనదే. తొలి పాఠాలలో ఇటువంటి ఉదాహరణలే ఎక్కువగా ఉండడం వల్ల విద్యార్థి ఆ అచ్చులోనే "యః పఠితమ్" అనేస్తాడు.

తెలుగు వాక్యంలో "కి" ఉంటే చతుర్థి, "మీద" ఉంటే సప్తమి అనుకోవచ్చా?

అనుకోకూడదు. తెలుగులో మింగేసిన విభక్తిని బయటకు తీయడం సగం పని. అది సంస్కృతంలో ఏమవుతుందో చూసుకోవడం మిగతా సగం. పాముకి భయపడతాము. సంస్కృతంలో భయానికి కారణమైనది పంచమిలో ఉంటుంది: యస్మాత్ సర్పాత్ అహం బిభేమి, సః బిలే వసతి. శిష్యుడి మీద కోప్పడతాము. అక్కడ చతుర్థి వస్తుంది: యస్మై శిష్యాయ గురుః క్రుధ్యతి. గురువు దగ్గర చదువుకుంటాము. అక్కడ మళ్ళీ పంచమి: యస్మాత్ ఆచార్యాత్ అహం వ్యాకరణమ్ అధీయే.

కలిసివచ్చే చోట్లూ లేకపోలేదు. "ఎవరికి ఉండ్రాళ్ళు ఇష్టమో" అన్నప్పుడు తెలుగు "కి", సంస్కృత చతుర్థి ఒకటే: యస్మై మోదకః రోచతే, సః గణేశః. "ఎవరి మీద నమ్మకమో" అన్నప్పుడు సప్తమి సరిపోతుంది: యస్మిన్ రాజా విశ్వసితి, సః మంత్రీ భవతి. ఏ ధాతువు ఏ విభక్తిని కోరుతుందో ధాతువుతో పాటే నేర్చుకోవడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

నామవాచకాన్ని యచ్ఛబ్దం పక్కన పెట్టాలా, తచ్ఛబ్దం పక్కన పెట్టాలా?

రెండూ సరే, కాని ఏ వాక్యంలో పెడితే ఆ వాక్యపు విభక్తి దానికి రావాలి. యం గ్రంథమ్ అహం పఠామి, సః ఉత్తమః అనవచ్చు. యమ్ అహం పఠామి, సః గ్రంథః ఉత్తమః అనీ అనవచ్చు. మొదటిదానిలో గ్రంథం ద్వితీయలో ఉంది, రెండవదానిలో ప్రథమలో ఉంది. "యం గ్రంథః" అన్న కలగాపులగం మాత్రం కుదరదు. వాక్యాన్ని మధ్యలో మార్చి రాసేటప్పుడు నామవాచకాన్ని ఇటు నుంచి అటు జరిపి, విభక్తి మార్చడం మరిచిపోయిన చోటే ఇది పుడుతుంది.

## సహ, వినా, పరితః వంటి పదాలతో

"ఎవరితో కలిసి" అనడానికి యేన సహ అంటే చాలా? అమ్మాయి అయితే?

అమ్మాయి అయితే యయా సహ. సహ, సాకమ్, సార్ధమ్ అన్న అవ్యయాలతో తృతీయ వస్తుంది. అవ్యయం ఎప్పటికీ మారదు, దాని ముందున్న యచ్ఛబ్దమే లింగవచనాలను మోస్తుంది. ఒక పూర్తి వాక్యం కట్టి చూద్దాం: "నిన్న మేము ఏ స్నేహితురాలితో కలిసి గుడికి వెళ్ళామో, ఆమెకు గురువుగారు పుస్తకం ఇచ్చారు."

స్నేహితురాలికి సఖీ అన్న పదం తీసుకుంటే అది స్త్రీలింగం, ఒక్కరే కాబట్టి ఏకవచనం. మొదటి వాక్యంలో "తో కలిసి" ఉంది కనుక సహ, దానితో తృతీయ: యయా సఖ్యా సహ. రెండవ వాక్యంలో ఆమె పుస్తకం అందుకున్నది కనుక చతుర్థి: తస్యై. యయా సఖ్యా సహ వయం హ్యః దేవాలయమ్ అగచ్ఛామ, తస్యై గురుః పుస్తకమ్ అదదాత్. అదే వాక్యంలో సఖీకి బదులు మిత్రమ్ పెడితే యేన మిత్రేణ సహ, తస్మై అవుతాయి. స్నేహితురాళ్ళు పలువురైతే యాభిః సఖీభిః సహ, తాభ్యః అవుతాయి.

"సహ యేన" అని ముందు పెట్టడం ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారి రాతలో కనిపిస్తుంది. తెలుగులో "తో" వెనక వచ్చినట్టే సంస్కృతంలో సహ వెనక రావడమే సహజం.

ఊరి చుట్టూ చెట్లు ఉంటే "యస్య పరితః" అనాలి కదా? "ఊరి" అంటే షష్ఠి కదా?

తెలుగులో షష్ఠి నిజమే, సంస్కృతంలో ద్వితీయ. యం గ్రామం పరితః వృక్షాః సంతి, తస్మిన్ అహం వసామి. ఈ ఒక్క తప్పు దిద్దినన్ని సార్లు నేను మరేదీ దిద్ది ఉండను. చుట్టూ అన్న పరితః, ఇరువైపులా అన్న అభితః, ఉభయతః, దగ్గర అన్న నికషా, సమయా, వైపు అన్న ప్రతి, ఇవన్నీ ద్వితీయనే కోరుతాయి. నది స్త్రీలింగం కాబట్టి యాం నదీమ్ అభితః క్షేత్రాణి సంతి, సా గోదావరీ.

గందరగోళానికి కారణం ఏమిటంటే, ఇదే తరహాలో చోటును చెప్పే మరికొన్ని పదాలు తెలుగులాగే షష్ఠిని తీసుకుంటాయి. ముందర అన్న పురతః, వెనక అన్న పృష్ఠతః, పైన అన్న ఉపరి, కింద అన్న అధః అటువంటివి: యస్య వృక్షస్య అధః మునిః ఉపవిశతి, సః అశ్వత్థః. పరితః, పురతః రెండూ చెవికి ఒకేలా వినిపించినా ఒకటి "యమ్" అంటుంది, మరొకటి "యస్య" అంటుంది. వీటిని వాక్యంతో సహా కంఠస్థం చేయడమే మంచిది.

వినా తో ఏ విభక్తి? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

మూడూ సరైనవే. పాణిని సూత్రం ప్రకారం వినా తో తృతీయ రావచ్చు, ద్వితీయ, పంచమి కూడా రావచ్చు. యేన దీపేన వినా, యం దీపం వినా, యస్మాత్ దీపాత్ వినా అన్నవాటిలో ఏది రాసినా తప్పు లేదు. అదే అర్థం గల ఋతే తో మామూలుగా పంచమి వాడతారు: యస్మాదృతే.

యస్మై నమః సరే, యస్మై నమామి ఎందుకు కాదు?

నమః అన్న అవ్యయం చతుర్థిని కోరుతుంది: యస్మై శివాయ నమః. నమామి అన్నది క్రియ. ఎవరికి నమస్కరిస్తున్నామో వారు ఆ క్రియకు కర్మ కాబట్టి ద్వితీయ వస్తుంది: యం శివం నమామి. తెలుగులో రెండు చోట్లా "శివుడికి" అనే అంటాము, అందుకే ఈ తేడా చెవికి పట్టదు.

## బహువ్రీహి విగ్రహవాక్యంలో

విగ్రహవాక్యం రాయమంటే అన్నిటికీ "యస్య సః" అని రాస్తున్నాను. ఎందుకు మార్కులు పోతున్నాయి?

పీతమ్ అంబరం యస్య సః పీతాంబరః అన్న ఒక్క ఉదాహరణ అందరికీ నోటికి వచ్చి ఉండడమే కారణం. బహువ్రీహి సమాసం సమాసంలో లేని మరో వస్తువును చెబుతుంది. ఆ వస్తువుకూ సమాసంలోని పదాలకూ ఉన్న సంబంధం ఏదో, యచ్ఛబ్దానికి ఆ విభక్తే రావాలి. ప్రథమ తప్ప ఆరు విభక్తులూ రావచ్చు. ఈ ఆరింటికీ సిద్ధాంతకౌముదిలో వరుసగా ఉదాహరణలు ఉన్నాయి.

నీరు చేరిన గ్రామం ప్రాప్తోదకః. నీరు గ్రామాన్ని చేరింది కాబట్టి ప్రాప్తమ్ ఉదకం యం సః. రథాన్ని లాగిన ఎద్దు ఊఢరథః, ఎద్దు చేత రథం లాగబడింది కాబట్టి ఊఢః రథః యేన సః. పశువును సమర్పించినది రుద్రుడికి కాబట్టి ఉపహృతః పశుః యస్మై సః ఉపహృతపశుః. హరికి పీతాంబరం ఉంది కాబట్టి యస్య. వీరులైన పురుషులు ఉన్న గ్రామం వీరపురుషకః, అక్కడ యస్మిన్.

పంచమి ఉదాహరణను ఆఖరికి ఉంచాను, లింగం సంగతి కూడా అందులోనే తేలుతుంది కాబట్టి. ఉద్ధృతౌదనా అంటే అన్నం తీసేసిన కుండ. అన్నం కుండలో నుంచి బయటకు వచ్చింది, కాబట్టి పంచమి. కుండకు ఇక్కడ స్థాలీ అన్న స్త్రీలింగ పదం ఉంది. కాబట్టి ఉద్ధృతః ఓదనః యస్యాః సా ఉద్ధృతౌదనా. ఓదనః పుంలింగం కదా అని "యస్మాత్ సః" అని రాసినవారు సమాసంలోని పదాన్ని చూశారు గాని, సమాసం చెబుతున్న కుండను చూడలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. "యస్యాః" పంచమీ షష్ఠులు రెండింటికీ ఒకటే రూపం కాబట్టి, జవాబు సరిగ్గా రాసినా అది ఏ విభక్తి అని అడిగితే "షష్ఠి" అని చెప్పేవారు ఉంటారు.

## రాసేటప్పుడు, చదివేటప్పుడు

యచ్ఛబ్దం లేకుండా తెలుగులాగే "చదివిన పుస్తకం" అని అనలేమా?

కొంతవరకు అనవచ్చు. నేను చదివిన పుస్తకం: మయా పఠితం పుస్తకమ్. వచ్చిన బాలుడు: ఆగతః బాలకః. చదువుతున్న బాలుడు: పఠన్ బాలకః. కృదంతాలు కర్తనో కర్మనో సూచించేటప్పుడు ఈ దారి హాయిగా ఉంటుంది. నామవాచకం కర్తా కర్మా కానప్పుడు, ఉదాహరణకు ఎవరితో వెళ్ళామో ఆ స్నేహితుడు, దేనికి భయపడతామో ఆ పాము అన్నప్పుడు, యచ్ఛబ్దాన్నే ఆశ్రయించాలి.

"స పఠతి" అని చూశాను, "య పఠతి" అని మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఎందుకు?

సః లోని విసర్గ హల్లుకు ముందు లోపిస్తుంది, ఇది తత్, ఏతత్ శబ్దాలకు మాత్రమే చెప్పిన విధి. యచ్ఛబ్దానికి అది వర్తించదు. యః మామూలు విసర్గ సంధులనే పాటిస్తుంది: యః పఠతి, యో గచ్ఛతి, యశ్చ, యస్తు. వాటికి ఎదురుగా స పఠతి, స గచ్ఛతి, స చ, స తు. అకారానికి ముందు రెండూ ఒకే తీరు: యోఽపి, సోఽపి. నపుంసకంలో యత్ తరువాతి అక్షరాన్ని బట్టి యద్, యన్, యచ్ అవుతుంది. యద్గృహమ్, యన్న, యచ్చ అన్నవన్నీ యత్ రూపాలే.

"గురుః అవదత్ యత్ శ్వః విరామః" అన్నారు. విరామః పుంలింగం కదా, "యః" ఎందుకు కాలేదు?

అక్కడ ఉన్నది సర్వనామం కాదు. "అని" అన్న అర్థంలో వచ్చిన అవ్యయం, కాబట్టి దానికి లింగమూ లేదు, విభక్తీ లేదు. గుర్తుపట్టడానికి "యత్" బదులు వాక్యం చివర "ఇతి" పెట్టి చూడండి: శ్వః విరామః ఇతి గురుః అవదత్. అర్థం చెడకుండా వాక్యం నిలబడితే అది అవ్యయం. యత్ పుస్తకం గురుః అదదాత్ అన్న వాక్యంలో ఈ మార్పు చేయలేము, అక్కడి "యత్" పుస్తకాన్ని పట్టుకుని ఉన్న సర్వనామం.